యాభై ఎనిమిది మెయిళ్లు, ఒక పేజీ: ఆలస్యంగా చేరిన మేనేజర్‌కు స్టేటస్ సమ్మరీ

ఆఫీసులో ఏదైనా పని రెండు నెలలు నడిచిందంటే దాని చరిత్ర అంతా ఒక మెయిల్ థ్రెడ్‌లో పేరుకుపోతుంది. మధ్యలో కొత్త మేనేజర్ వస్తారు. ఎవరో ఆ థ్రెడ్‌ను ఫార్వర్డ్ చేసి, పైన ‘మీ సమాచారం కోసం’ అని ఒక ముక్క రాస్తారు. ఆయనకు కావలసింది నిజానికి నాలుగు విషయాలే: పని ఇప్పుడు ఎక్కడుంది, ఏవి తేలాయి, ఏవి ఎవరి దగ్గర ఆగాయి, తాను ఏం తేల్చాలి. థ్రెడ్ చదివితే ఈ నాలుగూ నేరుగా దొరకవు. ఏ రోజు ఎవరు ఏమన్నారో మాత్రమే దొరుకుతుంది. స్టేటస్ సమ్మరీ రాయడమంటే ‘ఏమన్నారు’ అన్న సమాచారంలోంచి ‘ఏమైంది’ అన్నది తేల్చి చెప్పడం. మెయిళ్లను కుదించడం అందులో చిన్న భాగం మాత్రమే.

ఈ పని ఈమెయిల్‌తో పుట్టింది కాదు. కేంద్ర సచివాలయపు ఆఫీసు పద్ధతుల మాన్యువల్‌లో ‘రన్నింగ్ సమ్మరీ ఆఫ్ ఫ్యాక్ట్స్’ అనే ఏర్పాటు ఉంది. ఒక ఫైలు చాలాకాలం నడిచేటప్పుడు, అందులోని ముఖ్య వాస్తవాలను ఒకచోట రాసి, కొత్త పరిణామం వచ్చినప్పుడల్లా దానికి జోడిస్తూ పోవాలి. అధికారి మారినా కొత్తవారు ఫైలు మొత్తం మొదటినుంచి తిరగేయాల్సిన పని ఉండదు. ప్రభుత్వ ఫైల్లో వచ్చిన ఉత్తరాలు ఒక వైపు, వాటిమీద అధికారులు రాసిన నోట్ మరో వైపు ఉంటాయి. మెయిల్ థ్రెడ్‌లో ఈ రెండూ కలిసిపోతాయి. ఉత్తరమూ అదే, వ్యాఖ్యా అదే, నిర్ణయమూ అదే. వాటిని మళ్లీ విడదీయడమే సమ్మరీ రాసేవారి అసలు శ్రమ.

ఒక ఉదాహరణ

పని ఎలా సాగుతుందో చూడడానికి ఒక ఊహాత్మక సందర్భాన్ని తీసుకుందాం. పద్నాలుగు షాపులున్న ఒక రిటైల్ సంస్థ పాత బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ మార్చాలనుకుంది. జనవరి 6న ఆపరేషన్స్ హెడ్ మొదటి మెయిల్ పెట్టారు: ఫిబ్రవరి 15 కల్లా అన్ని షాపుల్లో కొత్తది నడవాలి. సాఫ్ట్‌వేర్ అమ్మిన వెండర్, ఐటీ విభాగం, అకౌంట్స్, పర్చేజ్, ఇద్దరు షాపు మేనేజర్లు ఆ మెయిల్‌లో ఉన్నారు. మార్చి 2న కొత్త జనరల్ మేనేజర్ చేరేసరికి థ్రెడ్‌లో 58 మెయిళ్లున్నాయి. వాటిని ఒక పేజీకి తెచ్చే బాధ్యత ఐటీ విభాగంలోని ఒక ఉద్యోగి మీద పడింది.

అన్నిటికంటే పైన కనిపించే మెయిల్ ఫిబ్రవరి 27 నాటిది. ఒక షాపు మేనేజర్ ‘ఇప్పుడు బాగానే వస్తోంది, థాంక్స్’ అని రాశారు. చివరి మెయిల్ చూసి సమ్మరీ రాసేవారు ఇక్కడే పడిపోతారు. ఏది బాగా వస్తోందో ఆ వాక్యంలో లేదు. అంతకుముందు ఆ షాపునుంచి రెండు ఫిర్యాదులు వచ్చాయి: బిల్లు ప్రింటు నెమ్మదిగా రావడం ఒకటి, తిరిగి ఇచ్చిన సరుకుకు క్రెడిట్ నోట్ అసలు రాకపోవడం రెండోది. వెండర్ ఫిబ్రవరి 24న ‘ఈ వారాంతానికి సరిచేస్తాం’ అని జవాబిచ్చారు తప్ప, ఏ ఫిర్యాదు గురించో చెప్పలేదు. థ్రెడ్ మర్యాదగా ముగిసినట్టు కనిపించినంత మాత్రాన పని ముగిసినట్టు కాదు.

ముందు థ్రెడ్ మొత్తం చేతికి రావాలి

చదవడానికి ముందు, చదవవలసినదంతా దగ్గరుందా అని చూసుకోవాలి. మెయిల్ ప్రోగ్రాములు ఒక సంభాషణను ఒకచోట చేర్చి చూపిస్తాయి గానీ ఆ చేర్పు ఎప్పుడూ సంపూర్ణం కాదు. జీమెయిల్‌లో ఎవరైనా సబ్జెక్టు లైను మార్చితే అక్కడినుంచి వేరే సంభాషణగా విడిపోతుంది. మెయిళ్లు వంద దాటినా కొత్తది మొదలవుతుంది. అందువల్ల ఒక్క సంభాషణ తెరిచి చదివితే చాలదు. ఆ పనిలో ఉన్న ఒక్కొక్కరి పేరుతోను, వెండర్ పేరుతోను, ‘బిల్లింగ్’ లాంటి మాటతోను ఇన్‌బాక్స్ వెతకాలి.

రెండో చిక్కు కొమ్మలు. రిప్లై ఆల్ నొక్కాల్సినచోట ఒకరు రిప్లై మాత్రమే నొక్కుతారు. అక్కడినుంచి ఇద్దరి మధ్యే మాటలు సాగుతాయి, మిగతావారికి ఆ సంగతే తెలియదు. మన ఉదాహరణలో సరిగ్గా అదే జరిగింది. ఫిబ్రవరి 3న అకౌంట్స్ ఒక అభ్యంతరం లేవనెత్తింది. వెండర్ తయారుచేసిన బిల్లు నంబరులో షాపు కోడ్, సంవత్సరం, వరుస సంఖ్య అన్నీ కలిపి 18 అక్షరాలు వస్తున్నాయి. జీఎస్టీ నిబంధనల ప్రకారం ఇన్‌వాయిస్ నంబరు 16 అక్షరాలు మించకూడదు. అందరూ ఉన్న థ్రెడ్‌లో దీనికి వెండర్ జవాబు ‘సరే, చూస్తాం’ అన్నదే. అయితే ఫిబ్రవరి 9న 15 అక్షరాల కొత్త నమూనా వచ్చింది, మర్నాడు అకౌంట్స్ ‘ఓకే’ అంది. ఈ రెండు మెయిళ్లూ వెండర్‌కీ అకౌంట్స్‌కీ మధ్యనే నడిచాయి. ప్రధాన థ్రెడ్ మాత్రమే చదివినవారు ‘బిల్లు నంబరు సమస్య పెండింగ్’ అని రాసేవారు. సీసీ వరుసలో ఎవరి పేరు ఏ మెయిల్‌నుంచి మాయమైందో గమనిస్తే ఇలాంటి కొమ్మలు దొరుకుతాయి. అక్కడ ఆ ఇద్దరిలో ఒకరిని ‘తర్వాత ఏమైంది?’ అని అడగాలి.

మూడోది దాగిన జవాబులు. కొందరు కొత్తగా ఏమీ రాయరు. ‘నా జవాబులు కింద ఎర్ర రంగులో ఉన్నాయి’ అని చెప్పి, పాత మెయిల్‌లోని ప్రశ్నల పక్కనే రాస్తారు. జీమెయిల్ పాత భాగాన్ని మూడు చుక్కల వెనక ముడిచిపెడుతుంది. ఆ చుక్కలు నొక్కకపోతే జవాబులు కంటపడకపోవచ్చు. అటాచ్‌మెంట్లదీ ఇదే తీరు. మామూలుగా రిప్లై ఇచ్చినప్పుడు పాత అటాచ్‌మెంట్ వెంట రాదు, ఫార్వర్డ్ చేస్తేనే వస్తుంది. ‘జతచేసిన ధరల పట్టిక చూడండి’ అన్న వాక్యం పదో మెయిల్‌లో కనిపించినా, ఆ పట్టిక మూడో మెయిల్‌లోనే ఉండవచ్చు.

కిందినుంచి పైకి చదవడం, విడదీసి రాసుకోవడం

అన్నీ చేతికొచ్చాక తేదీల వరుసలో, పాతదానినుంచి కొత్తదానికి చదవాలి. పైనుంచి కిందికి చదివితే జవాబు ముందు, ప్రశ్న తర్వాత వచ్చి, మారిపోయిన సంగతులు కూడా ఇంకా నిలిచి ఉన్నట్టే తోస్తాయి. చదువుతూ పక్కన ఒక చిన్న పట్టిక రాసుకోవాలి. ప్రతి మెయిల్‌నూ అందులోకి ఎక్కించనక్కరలేదు. థాంక్స్‌లు, గుర్తుచేయడాలు, సెలవు మెయిళ్లు వదిలేయవచ్చు. పని పరిస్థితిని ఏ కొంచెమైనా మార్చిన వాక్యాలు మాత్రం ఎక్కాలి. మన 58 మెయిళ్లలో అలాంటివి ఇరవై లోపే ఉంటాయి.

పట్టికలో తేదీ, రాసినవారు, విషయం అనే మూడు గడులతో పాటు నాలుగోది ఒకటి ఉండాలి: ఆ వాక్యం ఏ జాతిది? అది జరిగిన సంగతి కావచ్చు, ప్రతిపాదన కావచ్చు, నిర్ణయం కావచ్చు, ఎవరో ఒప్పుకున్న పని కావచ్చు, లేదా జవాబు కోసం ఎదురుచూస్తున్న ప్రశ్న కావచ్చు. సమ్మరీ నాణ్యత చాలావరకు ఈ గడిలోనే తేలుతుంది. తప్పులు ఎక్కువగా పుట్టేది కూడా ఇక్కడే. ప్రతిపాదనను నిర్ణయంగానో, ‘చూస్తాం’ అన్న మాటను ఒప్పుకున్న పనిగానో రాసుకుంటే తర్వాత ఎంత చక్కగా రాసినా లాభం లేదు.

మన ఉదాహరణలో తేదీ విషయం చూడండి. ఫిబ్రవరి 11న ఆపరేషన్స్ హెడ్, 15 కల్లా కుదరదు, మార్చి 15 కల్లా చేద్దాం అని రాశారు. ఇది నిర్ణయం. రెండు రోజుల తర్వాత అకౌంట్స్ అడ్డు చెప్పింది: మార్చిలో ఆర్థిక సంవత్సరం ముగింపు లెక్కలు, స్టాకు లెక్కింపు ఉంటాయి, బిల్లు నంబర్ల కొత్త వరుస ఎలాగూ ఏప్రిల్ 1న మొదలవుతుంది, అప్పుడే మార్చితే మేలు. ఇది ప్రతిపాదన. ఫిబ్రవరి 16న ఆపరేషన్స్ హెడ్ జవాబు: ‘అది బాగానే ఉంది. వెండర్‌తో మాట్లాడదాం.’ ఇది ఏ జాతిది? త్వరగా చదివేవారు ‘తేదీ ఏప్రిల్ 1కి మారింది’ అని రాసుకుంటారు. నిజానికి అందులో ఆమోదం లేదు, మొగ్గు మాత్రమే ఉంది. ఇక వెండర్ ఫిబ్రవరి 18న, అకౌంట్స్ మెయిల్ చూడకుండా పాత మెయిల్‌కే జవాబిస్తూ ‘మార్చి 15కు అంతా సిద్ధం చేస్తున్నాం’ అన్నారు. అది ఆపరేషన్స్ హెడ్ మాటకు సమాధానంలా కనిపిస్తుంది గానీ కాదు. తేదీల వరుసలో పక్కపక్కన ఉన్నంత మాత్రాన ఒక మెయిల్ ఇంకో మెయిల్‌కు జవాబు కానక్కరలేదు. కింద ఏ మెయిల్ ముడిచి ఉందో చూస్తే అది దేనికి జవాబో తెలుస్తుంది.

కాబట్టి పట్టికలో రాసుకోవలసింది ఇది: ‘చివరి స్పష్టమైన నిర్ణయం మార్చి 15 (ఫిబ్రవరి 11). ఏప్రిల్ 1 ప్రతిపాదన మీద మొగ్గు ఉంది, నిర్ణయం లేదు. వెండర్‌కు ఆ ప్రతిపాదన చేరినట్టు దాఖలా లేదు.’

మెయిళ్లనుంచి అంశాలకు

తేదీల వరుస చదవడానికే, రాయడానికి కాదు. చదివినవారు అదే వరుసలో ‘జనవరి 6న ఇలా, 12న అలా’ అంటూ రాసుకుపోతే మేనేజర్ చేతికి అదే థ్రెడ్ కొంచెం పొట్టిగా చేరుతుంది, అంతే. పట్టిక పూర్తయ్యాక వాక్యాలను తేదీలనుంచి విడిపించి అంశాల కింద పేర్చాలి. మన థ్రెడ్‌లో అంశాలు ఆరు: మొదలుపెట్టే తేదీ, బిల్లు నంబరు, మూడు షాపుల్లోని పాత కంప్యూటర్లు, ప్రయోగాత్మకంగా నడుస్తున్న రెండు షాపుల ఫిర్యాదులు, పాత స్టాకు వివరాలు కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించడం, వెండర్ అడిగిన అదనపు సొమ్ము.

ఒక్కో అంశాన్నీ మొదటి ప్రస్తావననుంచి చివరి ప్రస్తావన దాకా పట్టుకెళ్లాలి. చివర్లో ఏముందో అదే నేటి పరిస్థితి. నడుమ వచ్చి మారిపోయినవన్నీ చరిత్ర. మారడానికి కారణం నేటి నిర్ణయానికి అవసరమైతే తప్ప ఆ చరిత్ర సమ్మరీలోకి రానక్కరలేదు. ఫిబ్రవరి 15 అనే మొదటి తేదీ ఎందుకు తప్పిందన్నది కొత్త మేనేజర్‌కు ఇవాళ అక్కరలేదు. మార్చి 15ను అకౌంట్స్ ఎందుకు కాదంటోందన్నది మాత్రం కావాలి, ఎందుకంటే తేల్చవలసింది ఆయనే.

అంశాలవారీగా పేర్చడంలో ఇంకో ప్రయోజనం ఉంది. థ్రెడ్‌లో దూరదూరంగా ఉన్న రెండు ముక్కలు ఒకే ముక్క అని బయటపడుతుంది. పాత స్టాకు వివరాల గురించి జనవరి చివర్లో ఐటీ ‘మనవాళ్లు పంపుతారు’ అని రాసింది. ఆ ‘మనవాళ్లు’ ఎవరో ఎవరూ అడగలేదు. ఒక నెల తర్వాత, ఫిబ్రవరి 26న, వెండర్ ‘డేటా పనికి 45,000 రూపాయలు అదనం’ అని కొటేషన్ పంపారు. పర్చేజ్ ‘అప్రూవల్ కావాలి’ అంది. దానికి జవాబు రాలేదు. విడివిడిగా చూస్తే ఒకటి పాత సంగతి, రెండోది చిల్లర ఖర్చు. కలిపి చూస్తే అసలు విషయం తెలుస్తుంది: స్టాకు వివరాలు ఎక్కించే పనికి సొంతదారు లేరు, వెండర్ దాన్ని సొమ్ముకు చేస్తామంటున్నారు, సొమ్ము మంజూరు కాకపోతే ఏ తేదీ పెట్టుకున్నా పని మొదలుకాదు.

తెలియనివి అడిగి తెలుసుకోవడం

ఇంతవరకూ చేసిన పనితో కొన్ని ఖాళీలు బయటపడతాయి. చదివేవారు వాటిని ఊహతో నింపకూడదు. ఆఫీసు పనుల్లో సగం మాటలు ఫోన్లోనో, వాట్సాప్‌లోనో, కారిడార్లోనో జరుగుతాయి. మెయిల్‌లో లేనంత మాత్రాన జరగలేదని కాదు. సమ్మరీ రాసే ముందు ఒక్కొక్కరికి ఒకటి రెండు ప్రశ్నలతో ఫోన్ చేస్తే చాలావరకు తేలిపోతుంది. ప్రశ్న అవును, కాదు అని తేలేలా ఉండాలి. ‘ఆ విషయం ఏమైంది సార్?’ అంటే ‘నడుస్తోంది’ అనే జవాబు వస్తుంది. ‘మూడు కంప్యూటర్లలో ఎన్ని వచ్చాయి? మిగిలినవి ఏ తేదీకి వస్తాయి?’ అంటే అంకె వస్తుంది.

మన ఉదాహరణలో మార్చి 4న నాలుగు ఫోన్లు చేస్తే ఇలా తేలిందనుకుందాం. షాపు మేనేజర్: ‘ప్రింటు బాగుపడిందండీ. క్రెడిట్ నోట్ ఇంకా రావట్లేదు, చేత్తో రాసి ఇస్తున్నాం.’ పర్చేజ్: రెండు కంప్యూటర్లు వచ్చాయి, మూడోది మార్చి 10కి వస్తుంది. ఆపరేషన్స్ హెడ్: ఏప్రిల్ 1 మేలనే అనుకుంటున్నారు, వెండర్‌తో ఇంకా మాట్లాడలేదు. అకౌంట్స్: స్టాకు వివరాలు వెండరే పాత సాఫ్ట్‌వేర్‌నుంచి తీసుకుంటారని అనుకుంటున్నారు. ఐటీ మాత్రం అకౌంట్సే పంపుతుందని అనుకుంటోంది.

ఫోన్లో తెలిసిన సంగతిని సమ్మరీలో రాసేటప్పుడు ‘ఫోన్లో, మార్చి 4’ అని చెప్పాలి. మెయిల్‌లో ఉన్నదానికీ మాటగా విన్నదానికీ తేడా చదివేవారికి కనిపించాలి. రేపు ఎవరైనా ‘నేనలా అనలేదు’ అంటే ఏ ఆధారంతో రాశారో వెంటనే తెలుస్తుంది.

రాయడం

సమ్మరీలో మొదటి రెండు మూడు వాక్యాలు అన్నిటికంటే బరువైనవి. అమెరికా సైన్యపు ఉత్తరప్రత్యుత్తరాల నియమావళి ఏఆర్ 25-50 అసలు సంగతిని ఉత్తరం మొదట్లోనే పెట్టమంటుంది. సైన్యంలో అయినా షాపులో అయినా కారణం ఒకటే: చదివేవారు మధ్యలో ఆపేసినా అసలు మాట చేరిపోవాలి. నేపథ్యంతో మొదలుపెట్టి చివర్లో ‘కావున తమ నిర్ణయం కోరుతున్నాం’ అనే పాత ఉత్తరాల పద్ధతి ఇక్కడ పనికిరాదు.

ఆ వాక్యాల తర్వాత మేనేజర్ తేల్చవలసినవి, ఆపైన ఇప్పటికే తేలినవి, ఇంకా నడుస్తున్నవి రావాలి. మన ఉదాహరణలో తయారయ్యే సమ్మరీ ఇలా ఉంటుంది:

విషయం: కొత్త బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ – మార్చి 4 సాయంత్రం 5 గంటల నాటి పరిస్థితి

14 షాపుల్లో 2 షాపులు కొత్త సాఫ్ట్‌వేర్‌తో ప్రయోగాత్మకంగా నడుస్తున్నాయి. మిగతా 12 షాపులకు తేదీ ఖరారు కాలేదు: వెండర్ మార్చి 15కు సిద్ధమవుతున్నారు, అకౌంట్స్ ఏప్రిల్ 1 అడుగుతోంది. కింది రెండు విషయాలమీద మార్చి 6లోగా మీ నిర్ణయం కావాలి.

మీరు తేల్చవలసినవి

1. తేదీ. ఫిబ్రవరి 11 నాటి నిర్ణయం మార్చి 15. సంవత్సరాంతపు స్టాకు లెక్కింపు ఉందని, బిల్లు నంబర్ల కొత్త వరుస ఏప్రిల్ 1న మొదలవుతుందని అకౌంట్స్ అభ్యంతరం (ఫిబ్రవరి 13). ఆపరేషన్స్ హెడ్‌కు ఏప్రిల్ 1 సమ్మతమే (ఫోన్లో, మార్చి 4). వెండర్‌కు ఇంకా చెప్పలేదు.

2. పాత స్టాకు వివరాలు ఎక్కించే పని. ఇది ఎవరిదో నిర్ణయం కాలేదు. అకౌంట్స్ పంపుతుందని ఐటీ, వెండరే తీసుకుంటారని అకౌంట్స్ అనుకుంటున్నాయి. వెండర్ రూ. 45,000 అదనంగా ఇస్తే చేస్తామన్నారు (ఫిబ్రవరి 26). మంజూరు కాలేదు. ఈ పని కాకుండా ఏ షాపూ మొదలుపెట్టలేదు.

తేలినవి

బిల్లు నంబరు: 15 అక్షరాల నమూనాకు అకౌంట్స్ ఆమోదం (ఫిబ్రవరి 10).
ప్రింటు ఆలస్యం: సరిపోయింది (షాపు మేనేజర్, ఫోన్లో, మార్చి 4).

నడుస్తున్నవి

క్రెడిట్ నోట్: ప్రయోగం జరుగుతున్న ఒక షాపులో రావడం లేదు, చేత్తో రాసి ఇస్తున్నారు. బాధ్యత వెండర్‌ది. ఫిబ్రవరి 28 గడువు దాటింది, కొత్త గడువు ఇవ్వలేదు.
కంప్యూటర్లు: మూడింటిలో రెండు వచ్చాయి. మూడోది మార్చి 10కి. బాధ్యత పర్చేజ్‌ది.

ముఖ్యమైన ఐదు మెయిళ్లు, వెండర్ కొటేషన్ జతచేశాం.

ఈ పేజీలో కొన్ని విషయాలు గమనించదగ్గవి. సబ్జెక్టు లైన్లోనే ‘ఏ నాటి పరిస్థితి’ అన్నది ఉంది. సమ్మరీ రాసిన గంటకే ఇంకో మెయిల్ రావచ్చు కాబట్టి ఆ గీత ఎక్కడ గీశారో చెప్పకపోతే మర్నాడు చదివేవారికి అది తప్పుగా కనిపిస్తుంది. తేదీలన్నీ క్యాలెండర్ తేదీలే. వెండర్ రాసిన ‘ఈ వారాంతానికి’ అన్న మాట ‘ఫిబ్రవరి 28’ అయింది. ‘రేపు’, ‘వచ్చే వారం’ లాంటి మాటలు మెయిల్ రాసిన రోజుకే చెల్లుతాయి, సమ్మరీలోకి వచ్చేసరికి అర్థం మారిపోతుంది. అమెరికా క్లయింట్లతో పనిచేసే హైదరాబాద్ టీములకు ఇందులో ఇంకో మెలిక ఉంది. అక్కడివారు ‘శుక్రవారం సాయంత్రానికి’ అంటే మనకు అది శనివారం తెల్లవారుజాము. 03/04 అని రాస్తే అక్కడ మార్చి 4, ఇక్కడ ఏప్రిల్ 3. నెల పేరు అక్షరాల్లో రాస్తే ఆ గొడవ ఉండదు.

నడుస్తున్న ప్రతి పని పక్కన ఎవరిదో ఉంది. ‘కంప్యూటర్లు తెప్పించడం జరుగుతోంది’ అనే వాక్యం తెలుగులో సాఫీగా వస్తుంది, చేసేవారిని అంతే సాఫీగా దాచేస్తుంది. ‘చేయబడుతుంది’, ‘చూడడం జరుగుతుంది’ అనే క్రియలు సమ్మరీలో కనిపించినచోటల్లా ‘ఎవరు?’ అని అడిగి, జవాబు ఉంటే రాయాలి. జవాబు లేకపోతే, స్టాకు వివరాల విషయంలో రాసినట్టు, ఎవరిదో నిర్ణయం కాలేదని రాయాలి. గడువు దాటినచోట ‘దాటింది, కొత్త గడువు ఇవ్వలేదు’ అని ఉంది తప్ప ‘వెండర్ నిర్లక్ష్యం చేశారు’ అని లేదు. మొదటిది మెయిళ్లలో కనిపించే వాస్తవం, రెండోది రాసినవారి తీర్పు. కొత్త మేనేజర్ ఎవరిమీదా ఇంకా అభిప్రాయం ఏర్పరచుకోలేదు కాబట్టి ఒక్క విశేషణం కూడా ఆయన చూపును ఒకవైపు తిప్పేస్తుంది.

భిన్నాభిప్రాయాన్ని చదును చేయకపోవడం కూడా అంతే ముఖ్యం. ‘మార్చి నెలాఖరుకు మొదలుపెట్టే ఆలోచన ఉంది’ అని రాస్తే మార్చి 15కీ ఏప్రిల్ 1కీ మధ్య సర్దినట్టుంటుంది. కానీ అలాంటి ఆలోచన ఎవరికీ లేదు. ఇద్దరు రెండు మాటలు అంటున్నప్పుడు ఆ రెండూ, వారి కారణాలతో సహా పక్కపక్కన పెట్టాలి.

పంపే ముందు సరిచూసుకోవడం

రాశాక ఒక్కో వాక్యాన్ని వేలితో చూపి ‘ఇది ఏ మెయిల్‌లో ఉంది?’ అని అడుగుతూ పోవాలి. మెయిల్ గానీ ఫోన్ గానీ చూపలేని వాక్యం ఊహ. దాన్ని తీసేయాలి, లేదా ఊహ అని చెప్పాలి. ఆ తర్వాత తిరగబడి రావాలి: పట్టికలో ఇంకా తెరిచే ఉన్న ప్రతి ప్రశ్న సమ్మరీలో ఎక్కడో ఒకచోట కనిపించాలి. మొదటి పరీక్షలో లేనిది చేర్చిన తప్పులు దొరుకుతాయి, రెండోదాంట్లో ఉన్నది వదిలేసినవి దొరుకుతాయి. సొమ్ము, ఒప్పందం, చట్టం లాంటి చోట్ల సొంత మాటల్లో చెప్పకుండా మెయిల్‌లో ఉన్న మాటలనే కొటేషన్ గుర్తుల మధ్య పెట్టడం క్షేమం. అలాంటి విషయాల్లో ‘చేస్తాం’ అన్నదానికీ ‘చేయగలం’ అన్నదానికీ చాలా తేడా ఉంటుంది.

వెండర్ ఉన్న థ్రెడ్‌కే రిప్లై ఆల్ నొక్కి సమ్మరీ పంపకూడదు. సొమ్ము మంజూరు చేయాలా వద్దా అన్న లోపలి చర్చ దాంతో వెండర్‌కు చేరిపోతుంది. కొత్త మెయిల్‌గా, లోపలివారికి మాత్రమే పంపాలి. అదే రోజు అకౌంట్స్‌కీ ఆపరేషన్స్ హెడ్‌కూ కాపీ పెట్టి ‘మీ విషయంలో తప్పుంటే రేపు మధ్యాహ్నంలోగా చెప్పండి’ అని అడిగితే, పొరపాట్లు మేనేజర్ నిర్ణయానికి ముందే సర్దుకుంటాయి.

సమ్మరీ పనిచేసిందా లేదా అన్నది మేనేజర్ జవాబులోనే తెలిసిపోతుంది. ‘ఏప్రిల్ 1కే వెళ్దాం, 45,000 మంజూరు’ అని వస్తే అది పనిచేసింది. ‘ఇది ఎవరు చూస్తున్నారు?’ అని వస్తే బాధ్యత రాయలేదన్నమాట. ‘నేనేం చేయాలి?’ అని వస్తే తేల్చవలసినవి పైన లేవన్నమాట. ‘పాత మెయిల్ ఒకసారి పంపండి’ అని వస్తే ఆధారం చూపలేదన్నమాట. ఒక్కో ప్రశ్న పేజీలో ఏ గడి ఖాళీగా ఉండిపోయిందో చూపిస్తుంది.

పని ముగిసేదాకా ఇదే పేజీని నడపవచ్చు. వారానికోసారి పైన తేదీ మార్చి, తేలినవాటిని కిందికి దించి, కొత్తగా వచ్చినవాటిని చేర్చి, మారిన వాక్యాలకు ముదురు అక్షరాలు పెడితే పాతవారికి మార్పు ఒక్కచూపులో కనిపిస్తుంది, కొత్తగా చేరేవారికి మొత్తం పరిస్థితి ఒకచోట దొరుకుతుంది. థ్రెడ్ మాత్రం అలాగే ఉండాలి. ఏదైనా మాట మీద తగవు వస్తే చూడవలసిన అసలు దస్తావేజు అదే.